14 అడ్డం: కుంజరమా, సింధురమా?

గళ్లనుడికట్టు శీర్షిక సంపాదకులకు,
నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో వచ్చిన 412వ గళ్లనుడికట్టులో 14 అడ్డానికి మీరిచ్చిన ఆధారం "ఏనుగు (3)". ఈ వారం జవాబుల్లో కుంజరం అని వేశారు. అది తప్పని కాదు గానీ, సింధురం కూడా అంతే సరైన పూరణ.

ఆ వరుసలో మొదటి రెండు గళ్లకూ పైనా కిందా నల్లగళ్లే ఉన్నాయి. నిలువు మాట తగిలేది మూడో గడికి మాత్రమే. 11 నిలువు "కొండకొన" శిఖరం కాబట్టి అక్కడ "రం" పడుతుంది. ఆ ఒక్క అక్షరంతోనే వారణం, మాతంగం, ద్విరదం పక్కకు పోతాయి. కుంజరం, సింధురం మాత్రం రెండూ నిలుస్తాయి. వీటిలో ఏది రాయాలో గళ్లు చెప్పవు, ఆధారమూ చెప్పదు. కుంజరం ఎక్కువ వాడుకలో ఉందనడం కూడా ఇక్కడ నిలవదు. వాడుక మాటే కావాలనుకుంటే ఆధారంలో ఆ సూచన ఉండాలి. వినాయకుణ్ణి సింధురవదనుడు అనడం మనకు కొత్తేమీ కాదు.

ఒక్క జాగ్రత్త. ఏనుగు అర్థంలో "ధు"కు ఒత్తు ఉంటుంది, దీర్ఘం ఉండదు. సిందూరం అని రాసినవారు బొట్టు పెట్టుకునే పొడి రాసినట్టు. సింధూరం అన్నా ఏనుగు కాదు. ఆ రెండింటినీ ఒప్పుకోవాలని నేను అడగడం లేదు.

దిద్దుబాటుకు గళ్లు కదపక్కర్లేదు. రెండో గడి పైనున్న నల్లగడిని తెలుపు చేస్తే నిలువుగా "ప్రజ" వచ్చి "జ" ఖాయమవుతుంది. కానీ ఆ పై వరుసలోని మాటల పొడవులు మారిపోతాయి, సౌష్ఠవం చెడకుండా ఎదుటి మూలలోనూ ఒక గడి తెరవాల్సి వస్తుంది. ఆధారం మార్చడమే తేలిక:

"నరో వా" తర్వాత ధర్మరాజు నోట వచ్చిన ఏనుగు (3)

ఇలా ఇస్తే కుంజరం ఒక్కటే. సింధురమే కావాలంటే:

సిందూరానికి ఒత్తిచ్చి దీర్ఘం తీసేస్తే ఏనుగు (3)

పర్యాయపదాలు ఇన్ని ఉన్న మాటకు ఒంటి మాట ఆధారం ఇస్తే కనీసం రెండు గళ్లయినా నిలువు మాటలకు తగలాలి. మూడక్షరాల్లో ఒక్క చివరి అక్షరం చాలదు, అందులోనూ "రం" లాంటి అక్షరమైతే అసలే చాలదు. తామరకు "జం", సముద్రానికి "ధి" చివర తగిలినా ఇదే చిక్కు: పంకజం, నీరజం, సరోజం, జలధి, పయోధి, వారిధి.

412కి బహుమతి డ్రా ఇంకా తీయలేదని ఈ వారం పేజీలోనే ఉంది. 14 అడ్డంలో సింధురం రాసి మిగతావన్నీ సరిగా పూరించినవారి ఎంట్రీలను కూడా డ్రాలో కలపండి. వచ్చే ఆదివారం జవాబుల కింద "14 అడ్డం: కుంజరం / సింధురం" అని సవరణ వేయండి.

ఇట్లు,
మీ గళ్లనుడికట్టు పాఠకుడు,
రాజమహేంద్రవరం