కాస్ట్యూమ్, మేకప్ కంటిన్యూటీ ఫైల్ (30 రోజుల షెడ్యూల్, 22వ రోజు రాత్రి వరకు)

ఈ ఫైల్ తెరిచేవాళ్ళకి

రేపటి నుంచి నాలుగు రోజులు నేను రెండో యూనిట్‌తో ఉంటాను. ఈ ఫైల్ మీ చేతిలో ఉంటుంది. ఫోటోలు చూస్తే చాలు, రాసింది చదవక్కర్లేదు అనుకోకండి. ఫోటోలో కనపడనిది రాయడానికే షీట్ ఉంది. ఆ మాట నాకూ ఈ షెడ్యూల్‌లోనే తలకెక్కింది. ఎలాగో 18వ సీన్ షీట్‌లో ఉంది.

నటుల పేర్లు ఎక్కడా రాయలేదు, పాత్ర పేర్లే రాశాను. ఎడమ, కుడి అంటే నటుడి ఎడమ, కుడి. కెమెరా వైపు నుంచి చూసి రాయకండి.

ఫోటో తీసే పద్ధతి

సీన్‌కు ముందు, నటుడు సెట్‌లోకి వెళ్ళేలోపు తీయాలి. క్లాప్ బోర్డు కాదు, మన చిన్న పలక చేతికివ్వండి. దానిమీద సీన్ నంబరు, కథ రోజు, షూట్ రోజు, పాత్ర పేరు ఉండాలి. ముందు, వెనక, రెండు పక్కలు, ముఖం దగ్గరగా, రెండు చేతులూ మణికట్టు దాకా, చెప్పులు. మొత్తం ఎనిమిది. మడిచిన చొక్కా చేయి ఉంటే దానికి విడిగా ఒకటి. సీన్ ముగిశాక మళ్ళీ ముందు, ముఖం, చేతులు తీయండి. చెమట, మరక, ఊడిన బొత్తాం ఇవన్నీ టేకుల మధ్యలో మారిపోతాయి. తర్వాతి సీన్ దీని కొనసాగింపైతే మనకు కావాల్సింది ఆ చివరి రూపమే.

ఫ్లాష్ వద్దు. మేకప్ రక్తం మీద ఫ్లాష్ పడితే గులాబీ రంగులో వస్తుంది. వ్యాన్ గుమ్మం దగ్గర నీడలో ఒకసారి, సెట్ లైటులో ఒకసారి తీసి, పక్కన కలర్ కార్డు పెట్టండి. సెల్ఫీ కెమెరా అస్సలు వాడకండి. కొన్ని ఫోన్లలో అది ఎడమను కుడి చేసి దాచుకుంటుంది. 3వ రోజు టచప్ కుర్రాడు అలా తీసిన ఫోటో ఒకటి ఇప్పటికీ ఫోల్డర్‌లో ఉంది. అందులో శేఖర్‌కి దెబ్బ కుడి కనుబొమ్మ మీద ఉంటుంది. తీసెయ్యలేదు, పక్కన ఎర్ర ఇంకుతో "ఎడమ కుడి తారుమారు" అని రాశాను.

ఫైల్ పేర్లు ఈ తీరులో పెట్టండి:

```
S18_D3_SEKHAR_FRONT_PRE.jpg
S18_D3_SEKHAR_FACE_POST.jpg
```

ఇందులో D అంటే కథ రోజు, షూట్ రోజు కాదు. రాత్రి ప్యాకప్ అయ్యాక రెండు చోట్ల కాపీ చేయాలి. ముఖ్యమైనవి ప్రింట్ తీసి షీట్‌కి అంటించాలి. వానలో ఫోన్ ఆరిపోతే అక్కరకొచ్చేది కాగితమే.

కథ రోజులు

శేఖర్‌కి 3వ కథ రోజు రాత్రి బైక్ ప్రమాదం. 4వ రోజు ఉదయం బ్యాండేజి. 8వ రోజు ఆఫీసు. 14వ రోజు చివరి సీన్. పెళ్ళికి ముందు నాటి ఫ్లాష్‌బ్యాక్ (సీన్ 52) వేరే లెక్క, అందులో నున్నటి గడ్డం.

కమిలిన రంగు వరస: ప్రమాదం రాత్రి ఎరుపు, వాపు. 4వ రోజు ఊదా కలిసిన నీలం, అంచులు ఎరుపు. 8వ రోజు మధ్యలో ఊదా పల్చబడి చుట్టూ ఆకుపచ్చ. 14వ రోజు పసుపు నీడ మాత్రమే, కనుబొమ్మ మీద సన్నటి మచ్చ. మనం ముందు తీసింది 14వ రోజు, ఆ తర్వాత 3వ రోజు, నిన్న 8వ రోజు. అందుకే ఈ వరస మేకప్ వ్యాన్ అద్దం మీద కూడా అంటించాను. ఆల్కహాల్ ప్యాలెట్‌లో ఏ గడి ఎంత వాడారో మేకప్‌మన్ గారు షీట్ వెనక చుక్కలు పెట్టి గుర్తించారు. చేత్తో తుడిచి చూడకండి.

షీట్ 14. సీన్ 18, ఇంటి బయట, రాత్రి, వాన. కథ రోజు 3. షూట్ రోజు 3.

శేఖర్: లేత నీలం షర్టు, బి ముక్క (నాలుగున్నాయి: ఎ శుభ్రమైనది, బి తడిసి రక్తం ఉన్నది, సి దానికి నకలు, డి ఫైట్ డూప్ సైజు. కాలర్ లోపల అక్షరం కుట్టి ఉంది). పైనుంచి రెండో బొత్తాం ఊడి దారం వేలాడుతోంది. ఎడమ భుజం మీద చిరుగు, అంగుళంన్నర, రోడ్డుకు రాసుకున్నట్టు గీకిన అంచు. నల్ల ప్యాంటు, ఎడమ మోకాలి మీద బురద. వాచీ ఎడమ చేతికి, అద్దం పగిలింది, ముళ్ళు 9:40 మీద ఆగాయి. బెల్టు మూడో కన్నంలో.

ముఖం: ఎడమ కనుబొమ్మ తోక మీద సిలికాన్ గాయం. కొత్త ముక్క ప్రతి రోజూ, ఒకే అచ్చులోంచి. స్థానం కోసం పారదర్శక షీటు ఉంది. కళ్ళు, ముక్కు గీతలు శేఖర్ ముఖానికి సరిపెట్టి, చిల్లు ఉన్న చోట పెన్సిల్ చుక్క పెట్టి అంటించాలి. కంటికి నచ్చినచోట పెట్టకండి. రక్తం మొదటి దశ: ఎర్రగా, వానతో చెంప మీద రెండు పాయలుగా దిగి, దవడ కింద ఒక్కటైపోతుంది. గడ్డం 3 మిల్లీమీటర్లు. జుట్టు నుదుటి మీదికి, పాపిడి కనపడదు.

వసంత: ఆకుపచ్చ నూలు చీర, ఎ ముక్క. కుచ్చిళ్ళు ఆరు. పైట ఎడమ భుజం మీద ఒక పిన్, కొంగు నడుము దగ్గర కుడివైపు దోపింది. తలుపు తెరిచేటప్పుడు పొడిగా ఉంది, చివరి షాట్‌కి ముంజేతులు మాత్రం తడి. జడ, కుడి చెవి దగ్గర ఊడిన నాలుగు వెంట్రుకలు.

పొరపాటు: ఈ షీట్‌లో శేఖర్ చొక్కా చేతుల గురించి "మడిచి ఉన్నాయి" అని ఒక్క మాట రాసి వదిలేశాను. ఎదుటి ఫోటోలో కుడి చేయి ఒంటి వెనక్కి ఉంది, పక్క ఫోటో చీకట్లో మసకగా వచ్చింది. 19 రోజుల తర్వాత అదే తలుపు లోపలి వైపు నుంచి తీస్తుంటే ఎన్ని మడతలో ఎవరికీ గుర్తు లేదు. అందరూ ఇంకొకరి ముఖం చూస్తున్నారు. చివరికి ఎడిటింగ్ గదికి ఫోన్ చేసి 18వ సీన్ చివరి షాట్ నుంచి ఫ్రేమ్ ఒకటి తెప్పించాం. కుడి చేయి రెండు మడతలు, ఎడమది ఒక మడత జారి మోచేతి కిందికి వచ్చింది. ఇరవై నిమిషాలు ఆలస్యం. కో-డైరెక్టర్ గారు ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. ఇకమీదట మడతలు అంకెలో రాయాలి.

షీట్ 41. సీన్ 31, ఆఫీసు. కథ రోజు 8. షూట్ రోజు 21.

శేఖర్: తెల్ల షర్టు, బూడిద రంగు ప్యాంటు, చేతులు మడవలేదు. కమిలిన రంగు ఆకుపచ్చ దశ. కనుబొమ్మ మీద చిన్న ప్లాస్టరు అడ్డంగా. వాచీ లేదు, రిపేరుకి ఇచ్చాడని డైలాగులో ఉంది. అలవాటుగా పెట్టుకునే నటుడు కాబట్టి ప్రతి టేక్‌కి ముందు మణికట్టు చూడండి. మిగతా వాళ్ళు మారలేదు, షీట్ 38 చూడండి.

షీట్ 43. సీన్ 19, ఇంటి లోపల, సీన్ 18కి వెంటనే కొనసాగింపు. కథ రోజు 3. షూట్ రోజు 22.

శేఖర్: షీట్ 14 చివరి ఫోటోల ప్రకారం, పై సవరణతో. బి ముక్క వాడాం. వాన ఆగినా ఒళ్ళంతా తడే, గోరువెచ్చటి నీళ్ళు స్ప్రే. 19/4 షాట్ నుంచి కుర్చీలో కూర్చుంటాడు కాబట్టి రక్తం రెండో దశ: అంచులు నల్లబడి, మధ్యలో ఇంకా మెరుపు.

గడ్డం సంగతి: షూట్ 14వ రోజు ఫ్లాష్‌బ్యాక్ కోసం పూర్తిగా తీసేశారు. మధ్యలో సెలవు కలిపి నేటికి తొమ్మిది రోజులు. గడ్డం రోజుకు దాదాపు మూడో వంతు మిల్లీమీటరు పెరుగుతుంది కాబట్టి లెక్క 3 మిల్లీమీటర్లకు సరిపోయింది, 3 మిల్లీమీటర్ల గార్డ్ పెట్టి ఒకసారి సర్దితే చాలింది. సీన్ 52ని రెండు రోజులు వెనక్కి జరపమన్నప్పుడు ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. గడ్డం ఆఫీసు సీన్‌కి తేడా పడదా అని అడుగుతారు. నిన్న ట్రిమ్ చేయలేదు, కథలో అయిదు రోజులు గడిచాయి, ప్లాస్టరుతో షేవ్ చేసుకోలేదని చెల్లుతుంది.

వసంత: ఇక్కడ జాగ్రత్త. 19/5లో ఆమె కొంగుతో అతని ముఖం తుడుస్తుంది. దాని ముందు షాట్లకి ఎ ముక్క (శుభ్రం), తర్వాతి షాట్లకి బి ముక్క (మరక ఉన్నది). లైటింగ్ కోసం 19/7 ముందు తీశారు, అంటే మరక అసలు పడకముందే మరక చీర కట్టాల్సి వచ్చింది. పొద్దున్నే మరక ఆకారం కాగితం మీద గీసుకుని, దాన్నే 19/5లో నిజంగా తుడిచేటప్పుడు వచ్చేలా కొంగు మడత ఎక్కడ పట్టుకోవాలో నటిగారికి చూపించాం. మూడో టేక్‌లో కుదిరింది. నా లెక్కలో ఆ టేక్ వాడితే బాగుంటుంది, ఎడిటర్ గారికి చెప్పాను. మరక కొలత: మూడు అంగుళాల పొడవు, కొంగు అంచు నుంచి నాలుగు వేళ్ళు లోపల. కాగితం షీట్ 43కి పిన్ చేసి ఉంది.

సి ముక్క చీర రేపటిది. మర్నాడు దండెం మీద ఆరేసి కనపడాలి, ఉతికాక మిగిలిన లేత గోధుమ మరకతో. అది కాస్ట్యూమ్ వ్యాన్‌లో రెండో పెట్టె అడుగున ఉంది.

23వ రోజు చేయాల్సినవి

సీన్ 24, కథ రోజు 4 ఉదయం. నీలం ఎరుపు దశ, చుట్టిన బ్యాండేజి. బ్యాండేజి ఎడమ చెవి పైనుంచి మొదలై మూడు చుట్లు, చివర మెడ వెనక. కనుబొమ్మ తోక బ్యాండేజి కింద పడాలి కాబట్టి సిలికాన్ ముక్క అక్కర్లేదు. అలా అని మర్చిపోయి అంటిస్తే ఉబ్బెత్తుగా తేలుతుంది.

షర్టు బి, సి రెండూ తడిగా ఉన్నాయి, రాత్రి ఫ్యాను కింద విడివిడిగా ఆరేశాను. కలిపి మడిస్తే రక్తం రంగు ఒకదానిమీద ఒకటి అంటుకుంటుంది. డి షర్టు 26వ రోజు స్టంట్ దాకా కదపకండి. దాని ఎడమ భుజం చిరుగు బి చిరుగు కంటే పావంగుళం కింద ఉందని డూప్ తొడుక్కున్నాక చూశాను. లోపల ప్యాడ్ వల్ల జరిగింది. ప్యాడ్ తీయకుండా, ఆ చిరుగు కుట్టేసి పావంగుళం పైన కొత్తది చింపాలి. పాత ఫోటో పక్కన పెట్టుకుని చింపండి.