తాతయ్య సంస్మరణ సభలో తమ్ముడి ప్రసంగం: అక్క దిద్దిన ప్రతి

చిన్నా,

నువ్వు పంపిన ప్రసంగం రాత్రి రెండుసార్లు చదివాను. రెండోసారి ఫోన్‌లో టైమ్ పెట్టుకుని, సభలో చదివినట్టే పైకి చదివాను. పదకొండు నిమిషాలు పట్టింది. నీ తర్వాత ఇంకా ముగ్గురు మాట్లాడాలి. మధ్యలో గొంతు పూడుకుపోతే ఆగడానికి నీకూ కాస్త సమయం ఉండాలి. అందుకే సగానికి పైగా తీసేశాను. ఇప్పుడు నెమ్మదిగా చదివినా ఐదు నిమిషాలు దాటదు. తీసేసినవాటిలో మంచివి చాలా ఉన్నాయి. అవి ఇంట్లో మనవాళ్ల మధ్య చెప్పుకుందాం.

ఇల్లు అమ్మే విషయంలో బాబాయితో జరిగిన గొడవ మాత్రం పూర్తిగా వద్దు. తాతయ్య మాటే చివరికి నిజమైందని రాశావు, అది నిజమే కావచ్చు. కానీ బాబాయి ఆ రోజు పిన్నితో, పిల్లలతో అక్కడే కూర్చుని ఉంటాడు. లేచి జవాబు చెప్పలేని చోట ఆయన్ని అలా నిలబెట్టకూడదు. ఆసుపత్రి రోజుల గురించి రాసిన పేరా కూడా తీసేశాను. చిన్నపిల్లలు వింటారు. అత్త అయితే ఆ పది రోజుల్లోంచి ఇంకా బయటికి రాలేదు.

‘దేవుడు పిలుచుకున్నాడు’ అన్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. వచ్చేవాళ్లలో రకరకాల నమ్మకాలవాళ్లు ఉన్నారు, ఏ నమ్మకమూ లేనివాళ్లూ ఉన్నారు. ప్రెస్సులో ఆయన పక్కన నిలబడి పనిచేసినవాళ్లలోనే ముగ్గురివి మూడు దారులు. అందుకే ఆ మాట ఎత్తలేదు. ‘ఏనాడూ కోపమెరుగని మహనీయుడు’ అన్నావు చూడు, అది వాళ్ల ముందు అస్సలు అనకు. తాతయ్య కోపం వాళ్లకి మనకంటే బాగా తెలుసు. ఆ ఒక్కమాట వినగానే మిగతాదంతా కూడా నమ్మడం మానేస్తారు.

నానమ్మ కథ ఒక్కటి నేనే నిర్ణయించలేకపోయాను. నువ్వు దాన్ని నవ్వించడానికి రాశావు. ఆవిడకి అక్షరాలు రావన్నది నలుగురి ముందు నవ్వులాట అవుతుందేమోనని భయపడ్డాను. పొద్దున వెళ్లి అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “చెప్పమను. కానీ నేర్పమని నేనే అడిగానని చెప్పమను” అంది. మనకి ఇన్నేళ్లూ ఆ సంగతే తెలియదు. కథ మొత్తం ఆవిడ చెప్పినట్టే మళ్లీ రాశాను. ఆవిడకి చదివి వినిపించాను కూడా.

ఇంట్లో ‘తాతయ్య అనేవాడు’ అంటాం కదా, సభలో ‘అనేవారు’ అను. ‘కీర్తిశేషులు’ లాంటి బరువైన మాటలు ఎక్కడా పెట్టలేదు. తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలు కూడా వింటారు, చిన్న వాక్యాలైతే వాళ్లకీ అందుతాయి. కాగితం మీద పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసుకో. ఫోన్ చూసి చదవకు. కళ్లు తడైతే స్క్రీన్ కనపడదు.

ఇదీ ప్రతి.

అందరికీ నమస్కారం. నేను తాతయ్య చిన్న మనవణ్ణి.

తాతయ్య దాదాపు నలభై ఏళ్లు ఒకే ప్రెస్సులో కంపోజిటర్‌గా పనిచేశారు. ఇక్కడున్న పిల్లలకి ఆ పనేంటో తెలియకపోవచ్చు. అప్పట్లో ఒక పేజీ అచ్చు వేయాలంటే, లోహంతో పోతపోసిన అక్షరాలని ఒక్కొక్కటే ఏరి వరసగా పేర్చాలి. మన తెలుగుకి గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపి వందల గళ్లు. తాతయ్య చెయ్యి చూడకుండానే ఆ గడిలోకి వెళ్లేది. పైగా ఆ అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. మనం పుస్తకం చదివినంత తేలిగ్గా ఆయన వాటిని చదివేవారు.

అచ్చు అయిపోయాక అక్షరాలన్నీ విడదీసి మళ్లీ ఎవరి గడిలో వాళ్లని పెట్టాలి. అవును, ‘ఎవరి గడిలో వాళ్లని’ అనే అనేవారు, అక్షరాలు మనుషులైనట్టు. ఇంట్లోనూ అంతే. కత్తెర, టార్చిలైటు, కళ్లజోడు చీకట్లో చెయ్యి పెట్టినా దొరకాలి. దొరక్కపోతే ఇల్లంతా వినపడేలా అడిగేవారు. ఆ గొంతు ఈ గదిలో చాలామందికి తెలుసు.

(ఇక్కడ కాసేపు ఆగు. ప్రెస్సువాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వు.)

నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఆయనకి ఉత్తరాలు రాసేవాణ్ణి. జవాబుతో పాటు నా ఉత్తరం కూడా తిరిగొచ్చేది, ఎర్రసిరాతో దిద్ది. ఒకసారి ఇంటిమీద బెంగగా ఉందని నాలుగు పేజీలు రాశాను. తప్పులన్నీ దిద్దారు. చివర, ‘బెంగ అన్న మాట సరిగ్గా రాశావు. ఆదివారం వస్తున్నా’ అని రాశారు. వచ్చారు.

తప్పు ఆయనదైతే అంతకంటే పట్టుదలగా ఉండేవారు. ఒకసారి సంస్మరణ కార్డులో చనిపోయినావిడ పేరులో ఒక ఒత్తు జారిపోయింది. కార్డులు అప్పటికే పంచేశారు. ఆ ఇంటివాళ్లు గమనించనేలేదు. తాతయ్య మర్నాడు పొద్దున్నే మా నాన్నని వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లి, తప్పు నాదేనని చెప్పి, సొంత డబ్బులతో మళ్లీ వేయించి ఇచ్చారు. దారిలో మా నాన్న అడిగారట, ఎవరూ చూడలేదు కదా అని. “ఆవిడకి ఇక మిగిలింది ఆ పేరే కదరా” అన్నారట.

ఇప్పుడు చెప్పేది నానమ్మ అనుమతితో చెబుతున్నాను. పెళ్లయ్యేనాటికి నానమ్మకి చదవడం రాదు. ఒకరోజు ఆవిడే అడిగింది, రోజంతా మీరు పట్టుకునే ఆ అక్షరాలు నాకూ నేర్పండి అని. తాతయ్య అరిగిపోయి పక్కన పడేసిన అక్షరాలు అడిగి తెచ్చారు. రోజుకి రెండు. రాత్రి పని తెమిలాక ఇద్దరూ దీపం దగ్గర కూర్చునేవారు. నెల తర్వాత ఒకరోజు తాతయ్య ఇంటికి రాగానే నానమ్మ పలక మీద తన పేరు రాసి చూపించింది. లోహపు అక్షరాలు చూసి రాసింది కాబట్టి పేరంతా తిరగబడి ఉంది. తాతయ్య దిద్దలేదు. అందరి తప్పులూ దిద్దే మనిషి, ఆ పలకని అలాగే పట్టుకుని చాలాసేపు చదువుకున్నారట. ఆ తిరగబడ్డ పేరు తడుముకోకుండా చదవగలిగింది ఆ ఇంట్లో ఆయనొక్కరే.

నానమ్మ ఇప్పుడు రోజూ పేపర్ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతుంది. అచ్చుతప్పు కనిపిస్తే గోరుతో గీత పెడుతుంది. ఈ వారం కూడా పెట్టింది.

మా మనవలందరికీ తాతయ్య మా పేర్లు అవే అక్షరాలతో పేర్చి, దారంతో కట్టి ఇచ్చారు. నాది ఇవాళ జేబులో ఉంది. పిల్లల్లో ఎవరైనా చూస్తానంటే రండి. అద్దం కూడా తెచ్చాను.