కెనడాలోని విన్నిపెగ్ వెళ్తున్న వంశీకి అమ్మమ్మ ఉత్తరం

తెనాలి,
డిసెంబరు 8

చిరంజీవి వంశీకి అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది.

ఫోనులో చెప్తే ఊఁ ఊఁ అంటావు, పెట్టేయగానే మర్చిపోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను నాన్నా. దీన్ని పాస్‌పోర్టు పక్కన పెట్టుకో. మీ పిన్ని వాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నప్పుడు నాలుగు చలికాలాలు గడిపిన దాన్ని, ఊహించి రాయడం లేదు.

సంక్రాంతి వెళ్ళగానే దిగుతున్నావు. జనవరిలో అక్కడ రాత్రి చలి సగటున మైనస్ 21. మైనస్ 30 దాటే రోజులూ ఉంటాయి. పొద్దున్నే ఫోనులో వాతావరణం చూసేటప్పుడు ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ఊరుకోకు. గాలితో కలిపి ఎంత అనిపిస్తుందో దాని కింద ఇంకో అంకె ఉంటుంది, బట్టలు దాన్ని బట్టి వేసుకోవాలి. ఆ అంకె మైనస్ 28 దాటితే కప్పుకోని చర్మం పది నిమిషాల నుంచి అరగంటలో గడ్డకట్టవచ్చు. మైనస్ 40 దాటితే అయిదు, పది నిమిషాలు చాలు. నువ్వు బస్సు కోసం నిలబడేది అంతసేపే కదా.

ముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకో. వెచ్చగా ఉంచేది బట్ట మందం కాదు, బట్టల మధ్య నిలిచిన పొడి గాలి. బట్టలు బిగుతైతే ఆ గాలికి చోటుండదు. చెమట పడితే అది తడిసిపోతుంది. నేను కింద చెప్పేవన్నీ ఈ రెండూ జరక్కుండా చూసుకోవడానికే.

ఒంటికి ఆనుకుని థర్మల్ వేసుకో. మెరినో ఉన్నిదైతే మరీ మంచిది, లేకపోతే పాలిస్టర్ది. లేబులు మీద కాటన్ అని ఉంటే అక్కడే వదిలెయ్యి. మన ఎండకి నూలుని మించింది లేదు గానీ అక్కడ అదే శత్రువు. చెమట పీల్చుకుని ఆరదు, నువ్వు నడక ఆపిన క్షణం నుంచి తడిగుడ్డ చుట్టుకున్నట్టు ఒళ్ళంతా చల్లబరుస్తుంది. లోపల నూలు బనియను వేసి దాని మీద థర్మల్ వేసుకున్నా అదే తంటా. పైకీ కిందకీ మూడేసి జతలు ఇక్కణ్ణించే తీసుకెళ్ళు. దాని మీద ఉన్ని స్వెట్టరో ఫ్లీసో ఒకటి. మరీ చలి రోజున ఒకే మందపాటిది కాకుండా పల్చటివి రెండు వేసుకో, వేడెక్కితే ఒకటి తీసేయొచ్చు. జీన్స్ కూడా నూలే. కింద థర్మల్ లేకుండా దాన్ని వేసుకుని బయటికి వెళ్ళకు.

పెద్ద కోటు మాత్రం ఇక్కడ కొనకు. మన షాపుల్లో ఉండేవి ఆ చలికి చాలవు. అక్కడికి వెళ్ళాక మొదటి జీతం దాకా ఆగకుండా మొదటి రెండు మూడు రోజుల్లోనే కొనుక్కో, డబ్బు లెక్క చూసుకోవద్దు. తొడ సగం దాకా రావాలి, లోపల బాతు ఈకల కూర్పు ఉండాలి, పైగుడ్డ గాలినీ తడినీ ఆపాలి. జిప్పు మీద ఇంకో పట్టీ మూసుకోవాలి, లేకపోతే ఆ పళ్ళ సందుల్లోంచే గాలి కోసేస్తుంది. టోపీ కోటుకే కుట్టి ఉండి, అంచున బొచ్చు ఉండాలి. అది సోకు కోసం కాదు, ముఖం ముందు గాలి వేగాన్ని విరుస్తుంది. స్వెట్టరు మీద తొడిగి చూసి, రెండు చేతులూ పైకెత్తు. నడుము బయటపడినా, చంకలో పట్టేసినా ఆ సైజు నీది కాదు.

మరి దిగిన రోజు సంగతేంటంటావు. థర్మల్ జత, రెండు స్వెట్టర్లు, ఉన్న జాకెట్, మంకీ క్యాపు, చేతి తొడుగులు చేతిసంచీలో పెట్టుకో, పెద్ద పెట్టెలో కాదు. పెట్టె వేరే ఊరికి పోతే నువ్వు చొక్కాతో నిలబడతావు. విమానంలో ఉక్కపోస్తుంది కాబట్టి చివరి విమానం దిగాక, బయటికి వెళ్ళే ముందు బాత్రూంలో మార్చుకో.

బూట్ల దగ్గరే పిల్లలందరూ పొరపాటు చేస్తారు. చలని రెండు జతల సాక్సులు వేసి బిగించి లేసులు కడతారు. రక్తం ఆడదు, వేళ్ళు ముందే మొద్దుబారతాయి. ఒక్క మందపాటి ఉన్ని సాక్సు చాలు. దాన్ని వేసుకునే షాపుకి వెళ్ళి, సాయంత్రం పూట, అర సైజు పెద్దది చూడు. లోపల వేళ్ళు ఆడించగలగాలి. కింద రబ్బరు, లోపల ఊడి వచ్చే ఫెల్టు తొడుగు ఉన్నవి తీసుకో. ఆ తొడుగుని రోజూ రాత్రి బయటికి లాగి ఆరబెట్టు. పొద్దుట తొడుక్కున్నప్పుడు చెమ్మగా ఉందంటే ఆ రోజంతా కాళ్ళు గడ్డలే. రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, బూట్ల మీద తెల్ల చారలు పడతాయి. సగం నీళ్ళు సగం వెనిగరు కలిపి గుడ్డతో తుడువు. ఆఫీసు చెప్పులు బల్ల కింద ఒక జత ఉంచుకో.

చేతులకి అయిదు వేళ్ళ తొడుగు కంటే వేళ్ళన్నీ ఒకచోట ఉండే మిట్టెన్లు వెచ్చన. వేళ్ళు ఒకదానికొకటి కాపుకుంటాయి. లోపల పల్చటి గ్లోవ్స్ వేసుకుంటే ఫోనుకి మిట్టెన్ ఒక్కటీ తీస్తే సరిపోతుంది. ఫోను కోటు లోపలి జేబులో పెట్టు, చలికి బ్యాటరీ పడిపోతుంది. టోపీ చెవి తమ్మెల కిందకి రావాలి. నీ చేతి స్టీలు కడియం చలికాలం అయ్యేదాకా తీసేసెయ్యి. తలస్నానం రాత్రి పూట చెయ్యి, తడితలతో గడప దాటకు. మఫ్లరు ముక్కు మీదుగా చుట్టుకుంటే ఊపిరికి తడిసి గడ్డకడుతుంది, అందుకని సంచీలో ఇంకోటి ఉంచు.

బస్సులోకీ ఆఫీసులోకీ అడుగు పెట్టగానే జిప్పు తెరువు. లోపల వేసవిలా ఉంటుంది. అయిదు నిమిషాలు అలాగే కూర్చుంటే వీపు చెమట పట్టేసి, మళ్ళీ బయటికి వచ్చాక దానికి వణుకు పుడుతుంది. బస్సు తప్పిపోతుందని పరిగెత్తకు కూడా.

వేలో చెవో ముక్కో మంటపెట్టి, తర్వాత ఉన్నట్టుండి నొప్పి తగ్గి తెల్లగా మైనంలా అయితే తగ్గిందనుకోకు నాన్నా, గడ్డకడుతోందని అర్థం. వెంటనే లోపలికి వెళ్ళు. రుద్దకు, మంట దగ్గర పెట్టకు. వేళ్ళని చంకలో పెట్టుకో, లేదా గోరువెచ్చటి నీళ్ళలో ముంచు. అరగంటకీ స్పర్శ రాకపోతే, పొక్కులు లేస్తే, ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

ఉన్నివి చల్లటి నీళ్ళలో చేత్తో జాడించి, తువ్వాలులో చుట్టి ఒత్తి, బల్ల మీద పరిచి ఆరెయ్యి. దండెం మీద వేస్తే సాగిపోతాయి. వేడి నీళ్ళలో వేస్తే పసిపిల్లాడి చొక్కా అవుతుంది. ఇంట్లో గాలి పొడిగా ఉండి పెదాలూ మడమలూ పగులుతాయి. కొబ్బరినూనె అక్కడ గడ్డగానే ఉంటుంది, అరచేతిలో కరిగించి పడుకునే ముందు రాసుకో.

మఫ్లర్లు రెండు అల్లేశాను, ముదురు నీలం ఒకటి, బూడిద రంగు ఒకటి. సాక్సులు మూడు జతలు మొదలెట్టాలి. నీ పాదం కొలత కావాలి. తెల్లకాగితం మీద నిలబడి, పెన్సిలు నిటారుగా పట్టుకుని చుట్టూ గీసి పంపు. కూర్చుని గియ్యకు, బరువు పడితే పాదం కాస్త పొడుగవుతుంది. రెండు పాదాలూ గియ్యి.

ఇట్లు,
మీ అమ్మమ్మ