కొత్త గోధుమపిండికి డీలర్లు, డిస్ట్రిబ్యూటర్ల ప్రోత్సాహక పథకం

బీట్ బజార్, హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల హోల్‌సేల్ వ్యాపారులకు నమస్కారం.

మా 'మెత్తన' గోధుమపిండి జూన్ 1న మార్కెట్లోకి వస్తోంది. 1, 5 కిలోల ప్యాకెట్లను 30 కిలోల బస్తాలుగా కట్టి పంపుతాం. పథకం ఆగస్టు 31 వరకు ఉంటుంది.

డీలర్లకు నెలకు 50 బస్తాలు దాటితే బస్తాకు 12 రూపాయలు, 100 దాటితే 18, 200 దాటితే 25. దాటిన వాటికే కాదు, ఆ నెల ఎత్తిన మొత్తం సరుకుకూ అదే రేటు. డిస్ట్రిబ్యూటర్ల మార్జిన్ 4 శాతం. నెలలో 60 దుకాణాలకు బిల్లు వేస్తే మరో 1 శాతం. ఒక్క పెద్ద దుకాణంలో సరుకు కుప్ప పోస్తే ఈ అదనం రాదు. పిండి వీధి చివరి కిరాణాకు చేరాలన్నదే మా కోరిక.

బంగారు నాణేలు, విహారయాత్రలు పెట్టలేదు. ప్రోత్సాహకం మరుసటి నెల 10వ తేదీలోగా క్రెడిట్ నోటుగా మీ ఖాతాలో పడుతుంది.

వానాకాలంలో పిండి వ్యాపారి భయం పురుగు, చెమ్మ. సీలు విప్పకుండానే మూల దగ్గర ఉండ కట్టిన ప్యాకెట్ కనిపిస్తే ఫోటో తీసి మా సేల్స్‌మన్‌కు పంపండి, వారంలో మార్చి ఇస్తాం. బస్తాలను మాత్రం చెక్కబల్లల మీద, గోడకు ఎడంగా పేర్చండి.

నమోదుకు జీఎస్టీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రతులను మే 25లోగా మా సేల్స్‌మన్‌కు అందజేయండి.

ఇట్లు,
సేల్స్ మేనేజర్, వరంగల్