విషయం: జీడి పిక్కల కొనుగోలు పర్యవేక్షకురాలి ఉద్యోగం – తుది ఇంటర్వ్యూ ఫలితం గురించి రెండవ విన్నపం

నియామకాల విభాగం మేడమ్ గారికి,

నమస్కారం.

పర్లాకిమిడి కేంద్రంగా పనిచేయవలసిన కొనుగోలు పర్యవేక్షకురాలి ఉద్యోగానికి, జనవరి 7, బుధవారం నాడు విశాఖపట్నంలోని మీ కార్యాలయంలో జరిగిన తుది ఇంటర్వ్యూకు నేను హాజరయ్యాను. ఫలితం వారంలోగా తెలియజేస్తామని ఆ రోజు మీరు చెప్పారు. ఆ వారంలోనే సంక్రాంతి సెలవులు వచ్చాయి కనుక పండుగ వెళ్లేదాకా ఆగి, 17వ తేదీన మీకు ఒక మెయిల్ పంపాను. ఇంటర్వ్యూ జరిగి నేటికి రెండు వారాలు దాటింది. ఏ సమాచారమూ అందకపోవడంతో మరొకసారి మిమ్మల్ని అడగడానికి ఈ మెయిల్ రాస్తున్నాను. మీకు ఇతర పనులు ఎన్నో ఉంటాయని తెలుసు. ఇలా మళ్లీ గుర్తు చేస్తున్నందుకు మన్నించగలరు.

నా వైపు నుంచి ఏదైనా కాగితం అందక ఆలస్యమవుతున్నదేమో అన్న సందేహం నాకు ఒకటి ఉంది. మాది గజపతి జిల్లా కాబట్టి తహసీల్దారు కార్యాలయం ఇచ్చిన నా నివాస ధ్రువపత్రం ఒడియాలో ఉంది. దానికి తెలుగు అనువాదం కావాలని ఇంటర్వ్యూలో ఒక సార్ అడిగారు. నోటరీ సంతకంతో చేయించిన ఆ అనువాదాన్ని మొదటి మెయిల్‌తోనే పంపాను. అది మీకు చేరిందో లేదో తెలియనందున, అసలు ప్రతి స్కాన్‌తో కలిపి ఈ మెయిల్‌కు మళ్లీ జత చేస్తున్నాను. ఇంకేదైనా పత్రం కావలసి ఉంటే చెప్పండి, రెండు రోజుల్లో పంపుతాను.

మరొక మాట కూడా ఇక్కడే చెప్పుకోవడం సబబు అనుకుంటున్నాను. తూకం దగ్గర రైతుకూ కొనుగోలుదారుకూ వచ్చే తగవును ఎలా పరిష్కరిస్తారని ఆ రోజు అడిగినప్పుడు, బస్తాకు 80 కిలోల లెక్కన సాగే బేరం గురించి మాత్రమే చెప్పి, తరుగు సంగతి సరిగా వివరించలేకపోయాను. పిక్కలో తేమ ఎక్కువగా ఉందని కొనేవారు తీసే తరుగు దగ్గరే మా వైపు చాలా తగవులు మొదలవుతాయి. రైతు ఎదుటే తేమ కొలిచే మీటరు పెట్టి, అంకెను అతని చీటీలోనే రాసి, ఎంత తేమకు ఎంత తరుగో ధరల బోర్డు పక్కనే తెలుగులోనూ ఒడియాలోనూ రాసి ఉంచితే సగం మాటలు అక్కడే ఆగిపోతాయి. రెండు భాషలూ చదివి, రాసి, మాట్లాడగల నేను ఈ పని బాగా చేయగలనన్న నమ్మకంతోనే మీకు దరఖాస్తు పెట్టుకున్నాను. ఈ ఉద్యోగం నాకు నిజంగా కావాలి.

ఇక అసలు తొందరకు కారణం ఇది. నేను ఇప్పుడు పనిచేస్తున్న చోట నా ఒప్పందం జనవరి 31తో ముగుస్తుంది. మరొక ఏడాదికి పొడిగించుకుంటానో లేదో 29వ తేదీలోగా వారికి రాసివ్వాలి. ఒకసారి సంతకం చేశాక మధ్యలో మానడం వారికి నష్టం, నాకు మాటపోయే పని. పైగా పిక్కలు రాలే కాలం దగ్గరపడింది, కొనుగోళ్లు మొదలయ్యేలోపే మీకూ మనుషులు కుదరాలి కదా. అందువల్ల వీలైతే 28వ తేదీ, బుధవారం సాయంత్రంలోగా నా దరఖాస్తు ఏ స్థితిలో ఉందో ఒక్క వాక్యంలోనైనా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. నిర్ణయం ఇంకా జరగకపోతే ఎప్పటికి జరగవచ్చో చెప్పినా చాలు. మరొకరిని ఎంపిక చేసి ఉంటే ఆ సంగతి మొహమాటం లేకుండా చెప్పండి. ఇంటర్వ్యూలో మీరందరూ నాకు ఓపికగా సమయం ఇచ్చారు, ఆ కృతజ్ఞత అలాగే ఉంటుంది.

పగలు గ్రామాల్లో తిరుగుతున్నప్పుడు చాలాచోట్ల సిగ్నల్ అందదు. ఫోన్ చేయదలిస్తే సాయంత్రం ఆరు దాటిన తరువాత, దరఖాస్తులో ఇచ్చిన నంబరుకే చేయగలరు. మెయిల్ అయితే ఏ వేళ పంపినా ఆ రాత్రికే చూసి బదులిస్తాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

భవదీయురాలు,
సుజాత
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా
జనవరి 23, 2026

జతపరచినవి: నివాస ధ్రువపత్రం (ఒడియా), దాని తెలుగు అనువాదం, 17వ తేదీన పంపిన మెయిల్ ప్రతి