ఓపీలో ఈరోజు మీ అనుభవం: రోగుల అభిప్రాయ పత్రం

ఐదు నిమిషాలు చాలు. పేరు, ఫోన్ నంబరు రాయొద్దు. మీ జవాబులను డాక్టర్‌కు గానీ నర్సుకు గానీ చూపించం. ఇష్టం లేకపోతే నింపకుండా వెళ్లొచ్చు, మీ వైద్యంలో తేడా ఏమీ రాదు. తోడు వచ్చినవారు చదివి వినిపించవచ్చు, అభిప్రాయం మాత్రం రోగిదే కావాలి. మీ జవాబు చుట్టూ సున్నా చుట్టి, బయటికి వెళ్లే దారిలోని పెట్టెలో వేయండి.

1. ఈ విభాగానికి: మొదటిసారి వచ్చాను / ముందూ వచ్చాను
2. వచ్చిన పూట: ఉదయం / మధ్యాహ్నం
3. టోకెన్ తీసుకున్నాక డాక్టర్ గదిలోకి వెళ్లడానికి పట్టిన సమయం: 15 నిమిషాల లోపు / 15 నుంచి 30 / 31 నుంచి 60 / గంటకు పైగా / గుర్తులేదు

4 నుంచి 10 వరకు జవాబులు: చాలా బాగుంది / బాగుంది / ఫర్వాలేదు / బాగాలేదు / అస్సలు బాగాలేదు / నాకు వర్తించదు

4. కౌంటర్ దగ్గర మాట్లాడిన తీరు
5. ఆలస్యం గురించి మీకు చెప్పిన తీరు
6. మీ బాధ డాక్టర్ విన్న తీరు
7. జబ్బు గురించి వివరించిన తీరు
8. మందులు ఎప్పుడు, ఎలా వాడాలో చెప్పిన తీరు
9. పరీక్ష చేసేటప్పుడు చాటు ఉంచిన తీరు
10. మొత్తం మీద ఈరోజు అనుభవం

11. నచ్చిన విషయం ఒకటి రాయండి.
12. ఇబ్బంది పెట్టిన విషయం ఒకటి రాయండి.

జవాబులు లెక్కించే పద్ధతి (సిబ్బందికి)

రెండు వారాలు, రెండు పూటలా, బయటికి వెళ్లే ప్రతి ఐదో రోగికి పత్రం ఇవ్వాలి. ఇచ్చేది చికిత్స చేసినవాళ్లు కాకూడదు. ఇంజెక్షన్ వేసిన నర్సే ఎదురుగా నిలబడితే ‘బాగాలేదు’ అని ఎవరు చుడతారు? ఎన్ని ఇచ్చాం, ఎన్ని తిరిగొచ్చాయి అన్నది రోజూ రాసిపెట్టాలి.

6వ ప్రశ్న మొదట ‘డాక్టర్ ఓపికగా, వివరంగా మాట్లాడారా?’ అని ఉండేది. ఓపికగా విని, ఏమీ వివరించకపోతే రోగి ఏం చుట్టాలి? అందుకే రెండుగా విడగొట్టాం.

ప్రతి ప్రశ్నకూ ‘చాలా బాగుంది’, ‘బాగుంది’ కలిపి ఒక శాతం, ‘బాగాలేదు’, ‘అస్సలు బాగాలేదు’ కలిపి మరో శాతం తీయాలి. ‘వర్తించదు’ అన్నవీ ఖాళీగా వదిలినవీ లెక్కలోంచి తీసేయాలి. 120 పత్రాల్లో 8వ ప్రశ్నకు 20 మంది ‘వర్తించదు’ అని, మిగతా అందరూ జవాబిచ్చి, 65 మంది మొదటి రెండిట్లో ఒకటి చుడితే అది 65 శాతం, 54 కాదు. శాతం పక్కన మనుషుల సంఖ్య తప్పనిసరి.

ఉదయం, మధ్యాహ్నం విడిగా చూడాలి. ఏ పూటకైనా 30 పత్రాల కంటే తక్కువొస్తే పోల్చొద్దు. 3వ జవాబును 5వ దానితో కలిపి చూడటం ముఖ్యం: గంట కూర్చున్నా, ఆలస్యానికి కారణం తెలిసిన రోగులు ఎలా స్పందించారో తెలుస్తుంది.

రాసిన మాటలను ఇద్దరు విడివిడిగా చదివి నిరీక్షణ, మాటతీరు, మందులు, శుభ్రత, ఇతరాలుగా విడదీయాలి. తేడా వస్తే కూర్చుని తేల్చుకోవాలి. తప్పు మందు, పడిపోవడం లాంటివి కనిపిస్తే లెక్కల కోసం ఆగకుండా అదే రోజు విభాగాధిపతికి చెప్పాలి.

ఎక్కువ మంది బాగాలేదన్న రెండు అంశాలే ముందు సరిచేసి, మూడు నెలలకు ఇవే ప్రశ్నలు మాట మార్చకుండా మళ్లీ అడగాలి.