ముక్క మునిగేదాకా: గానుగ నువ్వుల నూనె ప్రకటన, 30 సెకన్ల స్టోరీబోర్డు

షూటింగ్: మే 6, ఒక్క రోజు, కోనసీమలోని పెంకుటింటి వెనక వసారా. 16:9లో తీసి, ఫోన్ల కోసం 9:16 కూడా కోస్తాం. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఈ లెక్కలో వసారాలోని బల్బు మినుకుమినుకుమనదు.

కథ ఇంతే. అమ్మమ్మ ఆవకాయ కలుపుతోంది, మనవరాలు నూనె పోస్తుంది, మూడో రోజు జాడీ తెరుస్తారు. లీటరు సీసాలో సగం మొదటి రోజు, మిగతా సగం మూడో రోజు పడుతుంది. నూనె మట్టమే ఈ ప్రకటనకు గడియారం. అది తప్పితే కథే తప్పుతుంది.

మారకూడనివి

అమ్మమ్మ: 65 ఏళ్ల పైబడినావిడ, నెరసిన ముడి, నుదుట రూపాయి కాసంత కుంకుమ. ముదురు ఆకుపచ్చ నేత చీర, చెంగు ఎడమ భుజం మీదుగా తెచ్చి నడుముకు దోపాలి. ఎడమ చేతికి రెండు బంగారు గాజులు, మధ్యలో రెండు మట్టి గాజులు. కుడి చేతికి ఏమీ లేవు, కలిపే చెయ్యి అదే. కళ్లజోడు మొదటి రోజు ఉండదు, మూడో రోజు ఉంటుంది.

మనవరాలు: పదేళ్లు. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. పసుపు గౌను, ఎడమ భుజం మీద తెల్ల తుండు.

చోటు: ఎడమ పక్క కటకటాలు, వెలుతురు ఎప్పుడూ అటు నుంచే. వెనక గోడకు సున్నం, మేకుకు వేలాడే చేట. అమ్మమ్మ పీట ఫ్రేములో ఎడమన, మనవరాలి పీట కుడిన, మధ్యలో బేసిన్. జాడీ అమ్మమ్మ వెనక, నూనె సీసా మనవరాలి కుడి మోకాలి పక్కన. నేల మీద పీటల కాళ్ల చుట్టూ సుద్దతో గుర్తులు పెట్టాలి.

కెమెరా గుమ్మం వైపే ఉంటుంది, ఇద్దరినీ కలిపే గీత దాటి పెరటి వైపుకు పోదు. అమ్మమ్మ ఎప్పుడూ కుడివైపు, పిల్ల ఎప్పుడూ ఎడమవైపు చూస్తారు. ఒక్క షాట్‌లో గీత దాటినా ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టుంటుంది, మాట ఎవరితోనో తెలియదు.

మూడో రోజుకు మారేవి నాలుగే: బట్టలు (అమ్మమ్మకు మట్టి రంగు చీర, పిల్లకు తెల్ల పరికిణీ, నీలం జాకెట్టు), అమ్మమ్మ కళ్లజోడు, జాడీ మూతికి కట్టిన వాసెన, బేసిన్ ఉన్నచోటికి వచ్చిన జాడీ. చేట కూడా అంగుళం కదలకూడదు. చోటు అదేనని కన్ను పోల్చుకుంటేనే రోజులు గడిచాయని నమ్ముతుంది.

ఫ్రేము 1 (0–3 సెకన్లు). వైడ్. వసారా మొత్తం. అమ్మమ్మ బేసిన్ ముందు, పిల్ల పెరటి నుంచి చేతులు కడుక్కుని పరుగున వచ్చి కూర్చుంటుంది. శబ్దం: కాకి అరుపు, గజ్జెలు. నిలువు కోతలో 1920 వెడల్పులో 607 పిక్సెళ్లే మిగులుతాయి, ఇద్దరూ పట్టరు. 1, 4 ఫ్రేములను కెమెరా నిలువుగా తిప్పి విడిగా మళ్లీ తీయాలి.

ఫ్రేము 2 (3–6). మిడ్, అమ్మమ్మ. కారం, ఆవపిండి, ఉప్పు పొడిగా కలిపి ముక్కలు దొర్లిస్తోంది. 2 కిలోల టెంక ముక్కలకు ఒక్కోటి అర కిలో. తెల్ల పింగాణీ బేసిన్ కావాలి. స్టీలుదైతే కెమెరా, లైటు అద్దంలోలా కనిపిస్తాయి. కారం బ్యాడిగి మిరపది: రంగెక్కువ, మంట తక్కువ. అయినా ఆవిడ చేతికి ముందే నూనె రాయండి, అన్ని టేకులు కారంలో ఉంచితే చెయ్యి మండుతుంది.

ఇక్కడి నుంచి 6 దాకా ఎరుపు మణికట్టు ఎముక దాటకూడదు. ప్రతి టేకు ముందు ఫోటోతో పోల్చాలి. ఒక షాట్‌లో మోచేతి దాకా, తర్వాతిదానిలో వేళ్లకే ఉంటే చూసేవాళ్లు ముందు పట్టుకునేది అదే.

ఫ్రేము 3 (6–9). క్లోజప్. పిల్ల తడి చెయ్యి ముక్కల వైపు వస్తుంది, వేలి చివర నీటిబొట్టు. గాజుల చప్పుడుతో అమ్మమ్మ ఎడమ చెయ్యి అడ్డుపడుతుంది.
అమ్మమ్మ: "ఆగమ్మలూ! తడి తగిలితే బూజొస్తుంది."
ఆపేది ఎడమ చెయ్యే, కుడి చెయ్యి కారంలో ఉంది. బొట్టు బేసిన్‌లో పడకూడదు. పడితే ఆ ముక్కలు తీసేయాలి, అందుకే విడిగా ఒక కిలో ముక్కలు సిద్ధంగా పెట్టుకోండి.

ఫ్రేము 4 (9–12). ఇద్దరూ, మిడ్. పిల్ల భుజం మీది తుండుతో చేతులు తుడుచుకుని, తుండు ఒళ్లో వేసుకుని సీసా అందుకుంటుంది. తర్వాతి ఫ్రేముల్లో తుండు ఒళ్లోనే.
మనవరాలు: "ఎంత పొయ్యాలి అమ్మమ్మా?"

ఫ్రేము 5 (12–16). క్లోజప్, బేసిన్ అంచు ఎత్తులో. నూనె ధారగా, కారం మీద పడి నల్లటి ఎరుపుగా పాకుతుంది. మాటల్లేవు, ధార చప్పుడే. వస్తువు మొదటిసారి బాగా కనిపించేది ఇక్కడ, తొందరపడొద్దు. సీసా వెనక లేబులంత వెడల్పున వెండి కాగితం అతికిస్తే నూనె బంగారంలా వెలుగుతుంది, లేకపోతే గోధుమరంగు మడ్డిలా ఉంటుంది. గాజు మీది మెరుపుకు పోలరైజర్. లేబుల్ మీది "గానుగ నువ్వుల నూనె" కెమెరాకు ఎదురుగా ఉండేలా పిల్ల చేతిని అడుగున పట్టించాలి.

ప్రతి టేకుకూ నిండు సీసా, తాజా కారం ముక్కలు కావాలి, ఒకసారి తడిసినవి మళ్లీ పొడి కావు. నాలుగు టేకులకు నాలుగు సీసాలు. సగం దగ్గర లేబుల్ వెనక సన్నటి పెన్సిల్ గీత, అక్కడికి రాగానే ఆపాలి.

ఫ్రేము 6 (16–18). టాప్ యాంగిల్. అమ్మమ్మ చెయ్యి ఒక్కసారి కలిపి తిప్పుతుంది. పక్కన సీసా, సగానికి.

ఫ్రేము 7 (18–20). ఫ్రేము 1 కెమెరా చోటే, అదే లెన్సు. తెర మీద: "మూడో రోజు". జాడీ ఇప్పుడు మధ్యలో, బేసిన్ ఉన్నచోట. అమ్మమ్మ వాసెన విప్పుతుంది. ఈ జాడీ మే 3నే కలిపి పెట్టాలి. అప్పటికప్పుడు కలిపినది ఊరినట్టు కనిపించదు, ముక్క ముడుచుకోదు, నూనె తేలదు.

ఫ్రేము 8 (20–24). జాడీ మూతి పైనుంచి క్లోజప్. పొడి గరిటెతో ఒకసారి తిప్పాక మిగతా సగం సీసా పోస్తుంది పిల్ల. నూనె పైకి లేచి చివరి ముక్క మునిగిపోతుంది.
అమ్మమ్మ: "ముక్క మునిగేదాకా పొయ్యి తల్లీ."
4లో పిల్ల అడిగినదానికి జవాబు ఇదే. మధ్యలో వాళ్లతో వేరే మాట చెప్పించొద్దు.

ఫ్రేము 9 (24–27). మిడ్, పిల్ల. కంచంలో పొగలు కక్కే అన్నం, ఎర్రగా కలిపిన ముద్ద నోట్లోకి. కళ్లు మూసుకుంటుంది. అన్నం ప్రతి టేకుకూ దింపిన వెంటనే పెట్టాలి, పొగ నిమిషంలో పోతుంది. వెనక నల్లటి నీడ ఉంటేనే పొగ కనిపిస్తుంది, సున్నం గోడ ముందు కాదు. అందుకని పిల్లను గుమ్మం నీడ పడే కుడి అంచుకు జరుపుదాం. చూపు మాత్రం ఎడమకే.

ఫ్రేము 10 (27–30). అదే వసారా నేల, జాడీ పక్కన నిండు సీసా. వెనక మసకగా అమ్మమ్మ, పిల్ల మూడో రోజు బట్టల్లోనే. తెర మీద, అమ్మమ్మ గొంతులో: "ముక్క మునిగేదాకా." కింద: "గానుగ నువ్వుల నూనె, 1 లీటరు." గుండెకు మంచిది, కొవ్వు లేదు లాంటి మాటలు ఎక్కడా రాయొద్దు. ఆహార ప్రకటనల 2018 నిబంధనల ప్రకారం అలా చెప్తే రుజువు చూపించాల్సి ఉంటుంది.

తీసే వరుస: పొద్దున 2, 3, 4, 5, 6 ఇదే క్రమంలో. కారం, నూనె వెనక్కి పోవు కాబట్టి లెన్సు కోసం వరుస మార్చొద్దు. వైడ్ షాట్ 1ని అన్నిటికంటే ముందే, బేసిన్‌లో పొడి ముక్కలున్నప్పుడు తీసేయండి. కెమెరా కాళ్ల దగ్గర టేపు అంటించి, లెన్సు ఎత్తు కొలిచి రాసుకోండి, మధ్యాహ్నం 7కి అదే కావాలి. ఎండ కదులుతూనే ఉంటుంది, కటకటాల బయట తెల్ల గుడ్డ కట్టి, వెనక 5600 కెల్విన్ ఎల్‌ఈడీ పెడితే పొద్దున్నా మధ్యాహ్నం వెలుతురు ఒక్కలాగే ఉంటుంది. భోజనాల తర్వాత బట్టలు మార్చి 7, 8, 10, చివర 9. పిల్లకు నిజంగా ఆకలేసే వేళకు ఆ ముద్ద పెడదాం.